పండుగ కాంబోకు ల్యాండింగ్ పేజీ: మొబైల్ తెర మీద శీర్షిక, రుజువు, ధర, బటన్ ఏ వరుసలో ఉండాలి

సంక్రాంతికి పిండివంటల కాంబో అమ్మే ఒక చిన్న ఇంటి వ్యాపారాన్ని ఉదాహరణగా తీసుకుందాం. గోదావరి జిల్లాల్లో ఒక కుటుంబం అరిసెలు, సకినాలు, జంతికలు, సున్నుండలు, పూతరేకులు కలిపి ఒకే డబ్బాలో సర్ది, హైదరాబాదుకూ బెంగళూరుకూ కొరియర్‌లో పంపుతుంది అనుకోండి. ఆర్డర్లన్నీ ఒకే పేజీ నుంచి రావాలి, ఆ పేజీని చూసేవారు దాదాపు అందరూ వాట్సాప్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో లింకు నొక్కి ఫోన్‌లోనే చూస్తారు. కింది అంకెలన్నీ ఈ ఊహా ఉదాహరణ కోసం వేసుకున్నవే, కానీ లెక్క వేసే పద్ధతి మీ సరుకుకూ అలాగే వర్తిస్తుంది.

ఇలాంటి పేజీలు రాసేవారు ఎక్కువగా కంప్యూటర్ తెర మీద రాస్తారు. అక్కడ ఎడమవైపు ఫొటో, కుడివైపు ధర, పైన శీర్షిక, పక్కనే బటన్ అన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి కాబట్టి వరుస గురించి ఆలోచించే అవసరం రాదు. ఫోన్‌లో మాత్రం అవే ముక్కలు ఒకదాని కింద ఒకటి పేరుకుంటాయి, ధర నాలుగో తెరకూ బటన్ ఆరో తెరకూ జారిపోతాయి. అందుచేత మొబైల్ పేజీలో ఏ మాట రాయాలి అన్నదానికంటే ముందు ఏ మాట ఎన్నో స్థానంలో రావాలి అన్నది తేల్చుకోవాలి.

మొదటి అడుగు: కొనేవారి ప్రశ్నలను వరుసలో పెట్టడం

పేజీ రాయడానికి కూర్చునే ముందు గత పండుగకు మీ వాట్సాప్ నంబరుకు వచ్చిన సందేశాలను తీసి చదవండి. మొదటిసారి అమ్ముతున్నవారైతే, విడివిడిగా అరిసెలో పచ్చళ్లో కొన్నవారు అడిగిన ప్రశ్నలను తీసుకోవచ్చు. పిండివంటల విషయంలో అవి సాధారణంగా ఇలా ఉంటాయి: పండక్కి ముందే వస్తుందా, ఏమేమి వస్తాయి, ఒక్కొక్కటి ఎన్ని, నెయ్యితో చేశారా నూనెతోనా, కొరియర్‌లో విరిగిపోవా, డెలివరీతో కలిపి ఎంత, మా ఊరికి పంపుతారా.

ఈ ప్రశ్నల్లో కొన్నింటికి జవాబు దొరక్కపోతే కొనేవారు అక్కడే ఆగిపోతారు, మరికొన్నింటికి జవాబు ఆలస్యంగా దొరికినా పరవాలేదు. పండుగ కాంబోలో మొదటి రకం ప్రశ్నలు మూడే: సమయానికి వస్తుందా, అందులో ఏముంది, మొత్తం ఎంత. ఈ మూడింటికీ మొదటి తెరలోనే జవాబు ఉండాలి. నెయ్యా నూనెనా అన్నది, విరుగుతాయా అన్నది నమ్మకానికి సంబంధించిన ప్రశ్నలు కనుక వాటికి రెండో తెరలో, అంటే వేలితో ఒకసారి పైకి జరిపిన తరువాత జవాబు దొరికితే చాలు.

శీర్షిక, తరువాత రుజువు, అంటే సరుకును నమ్మవచ్చని చూపే ఆధారం, తరువాత ధర, చివర బటన్ అనే వరుస చాలామంది పాటించేదే. విలువ ముందు తెలియాలి, ధర తరువాత చెప్పాలి అన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. కొత్త రకం సరుకు అమ్మేటప్పుడు అది సరైనదే కావచ్చు. అరిసె అంటే ఏమిటో తెలుగువారికి వివరించనక్కరలేదు కాబట్టి పండుగ కాంబోలో అంత ఆలస్యం పనికిరాదని నా అభిప్రాయం. ఇక్కడ ధరను దాచడమంటే కొనేవారిని విసిగించడమే. అందుకని నేను సూచించే వరుసలో రుజువును రెండుగా చీలుస్తాను: ఒక్క పంక్తి రుజువు శీర్షిక కిందే ఉంటుంది, ధరా బటనూ జంటగా తెర అడుగున ఎప్పుడూ కనిపిస్తూ ఉంటాయి, వివరమైన రుజువు కాంబోలోని వస్తువుల జాబితా తరువాత వస్తుంది.

రెండో అడుగు: పేజీ కంటే ముందు కనిపించే శీర్షిక

వాట్సాప్‌లో లింకు పంపినప్పుడు దానితోపాటు ఒక చిన్న ఫొటో, ఒక పంక్తి పేరు కనిపిస్తాయి. కొనేవారు చదివే మొదటి శీర్షిక నిజానికి అదే. చాలా పేజీల్లో అక్కడ దుకాణం పేరో, లేదా పేజీ తయారుచేసిన సాధనం తనంతట తాను పెట్టిన 'హోమ్' అనే మాటో మిగిలిపోతుంది. పేజీ తల భాగంలో ఈ రెండు పంక్తులు పెడితే అది సరిపోతుంది:

```html
<meta property="og:title" content="సంక్రాంతి పిండివంటల కాంబో: డెలివరీతో ₹1,199">
<meta property="og:image" content="https://example.com/combo.jpg">
```

ఇక్కడ ఒక చిక్కు ఉంది. వాట్సాప్ ఈ వివరాలను ఒకసారి తీసుకున్న తరువాత కొంతకాలం పాతవాటినే చూపించవచ్చు. అందుచేత ధర ఖరారు కాకముందు లింకును గ్రూపుల్లో పంచకండి. తరువాత మార్చవలసి వస్తే లింకు చివర `?v=2` వంటి తోక తగిలించి పంపితే కొత్త లింకుగా లెక్కకు వస్తుంది.

లింకులో చెప్పిన మాటా పేజీ తెరవగానే కనిపించే మాటా ఒకటిగా ఉండాలి. లింకులో కాంబో అని చెప్పి, పేజీలో 'మా ప్రత్యేక పండుగ సంబరాల హ్యాంపర్' అని రాస్తే తప్పు చోటికి వచ్చామా అన్న సందేహం కలుగుతుంది. కొనేవారు ఫోన్ చేసి 'కాంబో ఎంతండీ' అని అడుగుతుంటే పేజీలో కూడా కాంబో అనే రాయండి.

మూడో అడుగు: శీర్షిక

పండుగ సరుకుకు గడువే ప్రాణం. కనుమ వెళ్లాక వచ్చిన అరిసెల డబ్బా ఎంత రుచిగా ఉన్నా కొన్నవారి దృష్టిలో అది విఫలమైన ఆర్డరే. కనుక శీర్షికలో సమయం ఉండాలి, ఆ సమయాన్ని ఉత్సాహంతో కాక లెక్క వేసి రాయాలి.

2025 క్యాలెండర్ మీద ఆ లెక్క వేసి చూద్దాం. ఆ సంవత్సరం భోగి జనవరి 13, సోమవారం. కొరియర్‌కు మామూలుగా మూడు రోజులు పడుతుందనుకుంటే, పండుగ రద్దీకి ఇంకో రోజు కలపాలి. జనవరి 7, మంగళవారం పంపితే రద్దీ రోజుతో కలిపి 11, శనివారానికి చేరుతుంది. పైకి చూస్తే భోగికి రెండు రోజుల ముందే కాబట్టి బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ శనివారం ఇంట్లో మనిషి లేకపోతే మరుసటి రోజు ఆదివారం, చాలాచోట్ల కొరియర్ రాదు, ఆ తరువాతి రోజు భోగి. అంటే చేతిలో ఉన్నాయనుకున్న రెండు రోజులూ ఉత్తవే. కనుక ఒక రోజు ముందుకు జరిపి 6, సోమవారం పంపాలి. వంట 4, 5 తేదీల్లో పూర్తి కావాలి. అరిసెల బియ్యం ముందు రోజే నానబోయాలి కాబట్టి ఎన్ని డబ్బాలో 3వ తేదీ, శుక్రవారానికి తేలిపోవాలి. ఆర్డర్ల గడువు ఆ విధంగా జనవరి 3 మధ్యాహ్నం అవుతుంది.

ఇప్పుడు శీర్షిక రాయవచ్చు. 'ఈ సంక్రాంతికి మీ ఇంట తీపి జ్ఞాపకాలు' అన్నది అందంగానే ఉంటుంది, కానీ అది చీరల దుకాణానికీ ఫొటో స్టూడియోకూ కూడా సరిపోతుంది. 'స్వచ్ఛమైన నెయ్యితో చేసిన అచ్చమైన గోదావరి పిండివంటలు' అన్నది కొంత మెరుగు, అయితే ఆ మాట అందరూ అనేదే. నేను ఎంచుకునేది ఇది:

> భోగికి ముందే మీ ఇంటికి సంక్రాంతి పిండివంటల కాంబో
>
> అయిదు రకాలు, సుమారు 1.8 కిలోలు. జనవరి 3 మధ్యాహ్నం 12లోపు ఆర్డర్ చేసినవారికి.

'భోగికి ముందే' అన్నది వాగ్దానం కాబట్టి అది తప్పితే ఏం చేస్తారో పేజీలో ఉండాలి. డబ్బు తిరిగి ఇవ్వగలిగితే ఆ మాట స్పష్టంగా రాయండి. అంత భారం మోయలేమనుకుంటే చేరే తేదీని శీర్షికలో పెట్టకుండా, మీ చేతిలో ఉన్న తేదీని, అంటే 'జనవరి 6న పంపుతాం' అన్నదాన్ని రాయడం మేలు. కొనేవారు మిగతా లెక్క తామే వేసుకుంటారు.

తెలుగు లిపికి సంబంధించిన జాగ్రత్తలు కొన్ని ఇక్కడే చూసుకోవాలి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తెర వెడల్పు 360 పిక్సెళ్లకు అటూ ఇటూగా లెక్కకు వస్తుంది. రెండు అంచుల్లో 16 చొప్పున వదిలితే 328 మిగులుతుంది. 26 పిక్సెళ్ల అక్షరాలతో ఒక వరుసకు సుమారు పదిహేను అక్షరాలే పడతాయి, సున్న కూడా తన చోటు తాను తీసుకుంటుంది. కనుక పై శీర్షిక మూడు వరుసలు అవుతుందని లెక్కలో ఉంచుకోవాలి. తెలుగు మాటలను బ్రౌజరు మధ్యలో విరవదు, ఖాళీ ఉన్నచోటే వరుస మారుస్తుంది. సమాసాలను కలిపి 'సంక్రాంతిపిండివంటలకాంబో' అని ఒకే మాటగా రాస్తే అది తెర దాటిపోతుంది, లేదా పై వరుస సగం ఖాళీగా మిగులుతుంది. ఒత్తులు కిందికి దిగుతాయి కాబట్టి వరుసల మధ్య దూరం ఇంగ్లీషుకు పెట్టినట్టు బిగువుగా పెడితే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకుతుంది. అక్షరాల మధ్య దూరం పెంచే అమరికను తెలుగుకు అసలు వాడవద్దు.

```css
h1 {
  font-size: 26px;
  line-height: 1.45;
  letter-spacing: normal;
  text-wrap: balance;
}
```

చివరి పంక్తి వరుసలను సమానంగా సర్దుతుంది. పాత బ్రౌజర్లు దాన్ని పట్టించుకోవు, దాని వల్ల నష్టమూ లేదు.

నాలుగో అడుగు: మొదటి తెరలో ఒక్క పంక్తి రుజువు

శీర్షిక కింద రుజువుకు ఒక్క వరుసే చోటు ఉంటుంది. ఆ వరుసలో నక్షత్రాల గుర్తులు పెట్టడం మామూలే కానీ, ఎవరు ఇచ్చారో తెలియని అయిదు నక్షత్రాలను ఎవరూ లెక్కచేయరు. తనిఖీ చేసుకోగలిగిన ఒక్క విషయం ఉంటే దాన్ని రాయండి. గత సంక్రాంతికి నిజంగా 140 డబ్బాలు పంపి ఉంటే 'గత సంక్రాంతికి 140 ఇళ్లకు పంపాం' అన్నది నిరాడంబరంగా ఉన్నా నమ్మేలా ఉంటుంది. ఈ అంకెను గుండ్రంగా 150 చేయాలనిపిస్తుంది, చేయకండి. మొదటి ఏడాది వ్యాపారమైతే అంకె ఉండదు, అప్పుడు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చిన 14 అంకెల నంబరును ఆ స్థానంలో పెట్టవచ్చు. ఇంటి నుంచి అమ్మే చిన్న వ్యాపారానికి కూడా ఆ రిజిస్ట్రేషన్ తప్పనిసరే.

ఇప్పుడు మొదటి తెర ఎత్తును కూడదాం. బ్రౌజరు పట్టీలు పోగా చూడటానికి 600 పిక్సెళ్లు మిగులుతాయనుకోండి. ఫొటోకు 200, మూడు వరుసల శీర్షికకు 114, ఉపశీర్షిక రెండు వరుసలకు 54, రుజువుకు 28, అడుగున ధరా బటనూ ఉండే పట్టీకి 68 ఇస్తే మొత్తం 464 అవుతుంది. మధ్య ఖాళీలతో 540 దాటదు. అదే ఫొటోను నిలువుగా పెట్టి 400 ఇచ్చారంటే ఉపశీర్షికా రుజువూ పట్టీ వెనుకకు వెళ్లిపోతాయి. ఫొటో అడ్డంగానే ఉండాలి, అందులో అయిదు రకాలూ డబ్బాలో సర్ది కనిపించాలి. ఇత్తడి పళ్లెం, ముగ్గు, బంతిపూల మధ్య రెండు అరిసెలు కనిపించే ఫొటో చూడముచ్చటగా ఉంటుంది గానీ 'ఏమేమి వస్తాయి' అన్న ప్రశ్నకు జవాబు ఇవ్వదు.

అయిదో అడుగు: ధర

పండుగ కాంబో ధరలో కొనేవారికి రెండు లెక్కలు కావాలి. మొత్తం ఎంత చెల్లించాలి అన్నది మొదటిది. విడిగా కొనడం కంటే ఇది ఎందుకు నయం అన్నది రెండోది. మన ఉదాహరణలో విడి ధరలు ఇలా ఉన్నాయనుకుందాం: అరిసెలు 12 (500 గ్రాములు) ₹340, సకినాలు 400 గ్రాములు ₹240, జంతికలు 400 గ్రాములు ₹200, సున్నుండలు 8 (250 గ్రాములు) ₹220, పూతరేకులు 10 ₹250. కలిపితే ₹1,250. డెలివరీ ₹120 కలిపితే ₹1,370. కాంబో ధర డెలివరీతో ₹1,199 పెడితే తేడా ₹171.

దీన్ని పేజీలో రాసేటప్పుడు పెద్ద అక్షరాల్లో కనిపించవలసిన అంకె ఒక్కటే, అది ₹1,199. దాని పక్కనే 'డెలివరీతో కలిపి' అన్న మాట ఉండాలి. వివరం కింద చిన్న అక్షరాల్లో 'కాంబో ₹1,079 + డెలివరీ ₹120' అని చూపాలి. ₹1,079 అని పైన రాసి, చిరునామా నింపిన తరువాత ₹120 కలపడం వల్ల తక్కువ ధర కనిపిస్తుందని ఆశపడవద్దు. చివరి మెట్టులో ధర పెరిగితే కొనేవారు వెళ్లిపోతారన్నది ఒక సంగతి, అది నియమాలకు విరుద్ధం అన్నది మరో సంగతి. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాలు మొత్తం ధరను ఒకే అంకెగా, డెలివరీ వంటి ఖర్చుల వివరంతో సహా చూపాలని చెబుతున్నాయి. కొనేవారిని తప్పుదోవ పట్టించే పేజీ ఎత్తుగడల మీద 2023 నవంబరులో వచ్చిన డార్క్ పాటర్న్స్ మార్గదర్శకాలు ధరను మెట్టుమెట్టుగా బయటపెట్టడాన్ని, కొనేవారు అడగని వస్తువును బుట్టలో కలపడాన్ని పేరుపెట్టి నిషేధించాయి.

కొట్టివేసిన ధర విషయంలో ఇంకొంచెం జాగ్రత్త అవసరం. ₹1,370 మీద గీత గీసి ₹1,199 అని రాయాలంటే ఆ అయిదింటినీ ఆ ధరలకు మీరు నిజంగా విడిగా అమ్ముతూ ఉండాలి. అలా అమ్మకపోతే గీత తీసేయండి, '₹1,199కి అయిదు రకాలు, డెలివరీ సహా' అని చెబితే చాలు. తేడాను శాతంలో చెబితే 12 చిల్లర వస్తుంది, ఇంత చిన్న మొత్తానికి '₹171 తక్కువ' అన్నదే సూటిగా తగులుతుంది.

ధర కిందే జాబితా రావాలి. ఇందులో లెక్కా బరువూ రెండూ ఇవ్వండి, ఎందుకంటే అరిసెలను మనం లెక్కతో ఊహించుకుంటాం, జంతికలను బరువుతో ఊహించుకుంటాం. పేర్ల విషయంలో కొనేవారి ప్రాంతాన్ని గుర్తుంచుకోవాలి. జంతికలంటే కొందరికి మురుకులు, ఇంకొందరికి చక్రాలు. హైదరాబాదులో ఉన్నవారికి పంపే పేజీలో 'జంతికలు (మురుకులు)' అని రెండూ రాస్తే ఒక ఫోన్ కాల్ తగ్గుతుంది. పూతరేకులు ఆత్రేయపురంలో చేసినవి కాకపోతే ఆ ఊరి పేరు వాడకండి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి అది ఊరికే అలంకారంగా వాడుకునే మాట కాదు.

ఆరో అడుగు: వివరమైన రుజువు

జాబితా చదివిన మనిషి ధర తెలుసుకున్నాడు, తేదీ తెలుసుకున్నాడు, ఇక మిగిలింది భయం. పిండివంటలు కొరియర్‌లో తెప్పించేవారి భయాలు చాలా నిర్దిష్టమైనవి: సకినాలు ముక్కలై వస్తాయేమో, పూతరేకులు పొడైపోతాయేమో, నూనె మక్కిన వాసన వస్తుందేమో, పాత సరుకు అంటగడతారేమో. రుజువు ఆ భయాలకు ఎదురుగా నిలబడేదిగా ఉండాలి.

అన్నిటికంటే బలమైన రుజువు, కొన్నవారు డబ్బా తెరిచిన వెంటనే తీసి పంపిన ఫొటో. అది కాస్త మసకగా, వంటింటి గట్టు మీద, పక్కన స్టీలు గ్లాసుతో ఉన్నా పరవాలేదు. మీ ఇంట్లో తీసిన ఫొటో సర్దిన తీరును చెబుతుంది, వారి ఇంట్లో తీసినది చేరిన తీరును చెబుతుంది. అనుమతి తీసుకుని, చిరునామా చీటీ కనిపించకుండా చూసుకుని వాడండి.

అభిప్రాయాల్లో 'చాలా బాగున్నాయి, సూపర్' అన్నవి పది ఉన్నా ప్రయోజనం తక్కువ. గత ఏడాది సందేశాల్లో వెతికితే 'సకినాలు రెండే విరిగాయి, మిగతావి బాగా వచ్చాయి' అని రాసినవారు కనిపిస్తారు. చాలామంది ఆ వాక్యంలోని మొదటి సగాన్ని కత్తిరిస్తారు. నేనైతే పూర్తిగా ఉంచుతాను, రెండు విరిగాయన్న మాట వల్లనే మిగతాది నిజమని తోస్తుంది. సొంతవారి చేత కొనేవారి పేరుతో అభిప్రాయాలు రాయించడాన్ని పై ఈ-కామర్స్ నియమాలు నిషేధించాయి. అంతేకాక, నాలుగు అభిప్రాయాల్లోనూ ఒకే రకం వాక్యాలు కనిపిస్తే చదివేవారికి ఇట్టే తెలిసిపోతుంది.

ఆ తరువాత నెయ్యి, నూనె సంగతి దాచకుండా చెప్పండి. 'అరిసెలు, సున్నుండలు నెయ్యితో. జంతికలు, సకినాలు వేరుశనగ నూనెతో' అని విడదీసి రాస్తే, 'అన్నీ స్వచ్ఛమైన నెయ్యితో' అన్నదానికంటే ఎక్కువ నమ్ముతారు, నెయ్యితో సకినాలు వేయిస్తే ఆ ధరకు గిట్టదని వంట తెలిసినవారికి తెలుసు. చివరిగా 'జనవరి 4, 5 తేదీల్లో వండుతాం, డబ్బా మీద తేదీ ఉంటుంది' అన్న పంక్తి పాత సరుకు భయాన్ని తీరుస్తుంది.

కొనేవారు ఒకరు, తినేవారు మరొకరు అయ్యే సందర్భాలు ఈ పండుగకు చాలా ఎక్కువ. అమెరికాలో ఉన్న కూతురు విజయవాడలో ఉన్న అమ్మానాన్నలకు పంపుతుంది. వారికోసం ఒక్క పంక్తి చాలు: 'మరొకరి ఇంటికి పంపుతున్నారా? మీ పేరుతో చీటీ రాసి డబ్బాలో పెడతాం.' అయితే విదేశీ కార్డులు మీ చెల్లింపు సేవలో పనిచేస్తున్నాయో లేదో ముందే చూసుకోండి, చాలా ఖాతాల్లో దాన్ని విడిగా అడిగి తెరిపించుకోవాలి.

ఏడో అడుగు: బటన్

బటన్ మీద మాట, నొక్కితే ఏమవుతుందో చెప్పాలి. 'ఇంకా తెలుసుకోండి' అని ఉంటే ఇంకో పేజీ చదవాలేమో అనిపిస్తుంది. 'ఇప్పుడే కొనండి' అంటే వెంటనే డబ్బు పోతుందేమో అన్న జంకు కలుగుతుంది. 'కాంబో ఆర్డర్ చేయండి' అన్నది సరిపోతుంది, దాని ఎడమ పక్కన ధర ఉంటుంది. తెర అడుగున నిలిచిపోయే పట్టీలో ఆ రెండూ ఉంటే, కొనేవారు పేజీలో ఎక్కడ నిర్ణయం తీసుకున్నా వేలికి అందుతాయి. బటన్ ఎత్తు 48 పిక్సెళ్లకు తగ్గకూడదు.

```css
.bar {
  position: fixed; bottom: 0; left: 0; right: 0; background: #fff;
  padding: 10px 16px calc(10px + env(safe-area-inset-bottom));
}
```

ఈ పట్టీ చేసే తప్పులు మూడు. వాట్సాప్ గుర్తు ఉన్న గుండ్రటి బొమ్మ కుడి మూలలో తేలుతూ సరిగ్గా బటన్ మీదే కూర్చుంటుంది. చిరునామా రాసేటప్పుడు కీబోర్డు తెరుచుకుంటే కొన్ని బ్రౌజర్లలో పట్టీ దాని పైకి ఎక్కి రాసే గడిని మూసేస్తుంది, కనుక ఫారం తెరవగానే పట్టీని మాయం చేయాలి. పేజీ చివరి పంక్తులు పట్టీ వెనుక దాగిపోతాయి, పేజీ అడుగున పట్టీ అంత ఖాళీ వదలాలి.

బటన్‌ను వాట్సాప్‌కు కలపాలా, ఫారంకు కలపాలా అన్నది మీ రోజువారీ ఓపిక మీద ఆధారపడుతుంది. రోజుకు పది ఆర్డర్ల లోపైతే వాట్సాప్ బాగా నడుస్తుంది, అప్పుడు బటన్ మీద 'వాట్సాప్‌లో ఆర్డర్ చేయండి' అనే రాయాలి. అంతకు మించితే గడువు రోజున రాత్రి వంటింట్లో ఉన్న మనిషి జవాబు ఇవ్వలేక ఆర్డర్లు జారిపోతాయి. ఫారం పెడితే పేరు, ఫోన్, చిరునామా, పిన్ కోడ్ చాలు. మీరు పంపలేని ఊళ్లు ఉంటే పిన్ కోడ్‌నే మొదట అడగండి, చిరునామా మొత్తం రాయించుకుని కుదరదని చెప్పడం కంటే అది మర్యాద.

ఎనిమిదో అడుగు: పరీక్షించడం, లోపం ఎక్కడుందో పట్టుకోవడం

పేజీని మీ ఫోన్‌లో చూసి సంతృప్తిపడకండి. అక్షరాల పరిమాణాన్ని సెట్టింగుల్లో పెద్దది చేసుకున్న యాభై అయిదేళ్ల బంధువు ఫోన్ అడిగి, ఇన్‌స్టాగ్రామ్ లోపలి బ్రౌజరులోనే తెరవండి. అక్కడ మూడు వరుసల శీర్షిక అయిదు వరుసలు అవుతుంది, ధర పట్టీలో రెండుగా విరుగుతుంది. తరువాత ఫోన్‌ను వారి చేతికి ఇచ్చి, తెర జరపకుండా ఇది ఎప్పుడు వస్తుంది, ఎంత, ఏముంది అని అడగండి. మూడింటిలో ఏది చెప్పలేకపోతే మొదటి తెరలో దాన్నే సరిచేయాలి.

రెండు శీర్షికలను సగం సగం మందికి చూపి ఏది గెలుస్తుందో తేల్చే పరీక్ష ఇంత చిన్న వ్యాపారానికి పనికిరాదు. 400 మంది వచ్చి 12 మంది కొన్నారనుకుంటే, ఒక శీర్షికకు 7, మరోదానికి 5 రావడం కేవలం యాదృచ్ఛికం కావచ్చు. దానికి బదులు మూడు అంకెలు రాసుకోండి: పేజీ చూసినవారు, బటన్ నొక్కినవారు, డబ్బు కట్టినవారు. చూసినవారు చాలామంది ఉండి నొక్కేవారు లేకపోతే లింకులో చెప్పినదానికీ మొదటి తెరకూ పొంతన లేదని అనుమానించాలి. నొక్కినవారు ఉండి కట్టేవారు లేకపోతే శీర్షికను ముట్టుకోకండి, తప్పు ఫారంలోనో, చెల్లింపులోనో, పిన్ కోడ్ దగ్గరో ఉంది. వాట్సాప్‌లో ఒకే ప్రశ్న మూడోసారి వచ్చిందంటే దాని జవాబు పేజీలో లేదు, లేదా చాలా కింద ఉంది.

గడువు దాటిన తరువాత

జనవరి 3 మధ్యాహ్నం 12 గంటలకు పేజీ మారాలి, ఆ మారే పాఠాన్ని ముందే రాసి పెట్టుకోవాలి. పేజీ తెరిచిన ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టే గడియారం, ఎన్నడూ తగ్గని 'ఇంకా 3 మాత్రమే' అన్న అంకె పెట్టడం తప్పుడు తొందర కలిగించడమే. పై మార్గదర్శకాల్లో అది కూడా ఉంది. పైగా గత ఏడాది దాన్ని చూసినవారు ఈ ఏడాది నిజమైన గడువును కూడా నమ్మరు.

గడువు ముగిశాక శీర్షికలోంచి భోగి పోవాలి, బటన్ మీది మాట కూడా మారాలి. మన ఉదాహరణలో ఆ రెండో పాఠం ఇలా ఉంటుంది:

> భోగికి పంపే ఆర్డర్లు పూర్తయ్యాయి
>
> మా ఊరి చుట్టుపక్కల 20 కిలోమీటర్ల లోపు ఉన్నవారికి జనవరి 11 వరకు ఇంటికి తెచ్చి ఇస్తాం. మిగతా ఊళ్లకు జనవరి 20 నుంచి పంపుతాం.
>
> [జనవరి 20 కాంబో కోసం పేరు ఇవ్వండి]

లింకుతో కనిపించే పంక్తిని కూడా అదే గంటకు మార్చాలి, ఎందుకంటే గ్రూపుల్లో మీ పాత లింకు ఇంకా తిరుగుతూనే ఉంటుంది.